ఓత్ కూత్యూర్, ప్రెతాపోర్తే: కొలతలకు కుట్టిన గౌనుకూ షాపులో వేలాడే గౌనుకూ మధ్య తేడా – తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ రెండు మాటలకు అర్థం ఏమిటి? ఎలా పలకాలి?

మన పత్రికల్లో హాట్ కుటూర్ అనీ, హౌట్ కోచర్ అనీ రకరకాలుగా కనిపిస్తుంది. ఫ్రెంచివాళ్ళు మొదటి హకారాన్ని పలకరు, వాళ్ళ టకారం మన తకారానికి దగ్గరగా ఉంటుంది. అందుకని ఓత్ కూత్యూర్ అంటే దాదాపు సరిపోతుంది. ఓత్ అంటే ఉన్నతమైనది, కూత్యూర్ అంటే కుట్టుపని. రెండూ కలిపితే కుట్టుపనిలో పై మెట్టు అని అర్థం. కూత్యూర్‌కీ మన కుట్టుకీ పోలిక చూసి చాలామంది మురిసిపోతారు కానీ అది యాదృచ్ఛికమే. ఆ మాట లాటిన్ నుంచి వచ్చింది. దానికి నిజమైన చుట్టరికం సంస్కృతంలోని సీవనంతో.

ప్రెతాపోర్తే అంటే వేసుకోవడానికి సిద్ధంగా ఉన్నది. ప్రె అనే మాట చివర తకారం రాతలో ఉంటుంది, విడిగా అన్నప్పుడు వినపడదు. పక్కన ‘ఆ’ వచ్చేసరికి బయటపడి దాంతో కలిసిపోతుంది, మన సంధిలాగే. అమెరికావాళ్ళు రెడీ టు వేర్ అంటున్నదాన్ని రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్రెంచి బట్టల తయారీదారులు తమ భాషలోకి తెచ్చుకున్న మాట ఇది. అంతకు ముందు రెడీమేడ్‌ని కాన్ఫెక్స్యోఁ అనేవారు. ఆ మాటకి చవకబారు అన్న వాసన అంటుకుపోయింది కాబట్టి కొత్త మాట కావాల్సి వచ్చింది.

ఓత్ కూత్యూర్ అని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చా?

ఫ్రాన్సులో కుదరదు. 1945 నుంచి ఆ పేరుకు చట్టబద్ధమైన రక్షణ ఉంది. ఏయే సంస్థలు ఆ పేరు వాడుకోవచ్చో పరిశ్రమల శాఖ కింద ఉన్న కమిషన్ ఏటా జాబితా తయారు చేస్తుంది. పారిస్‌లో సొంత కుట్టు గది ఉండాలి, అందులో పూర్తికాలం పనిచేసే చేయి తిరిగిన పనివాళ్ళు కనీసం ఇరవై మంది ఉండాలి, ఒక్కొక్క కస్టమరు కోసం ఆమె ఒంటిమీద ట్రయల్ వేసి చూసి కుట్టాలి, జనవరిలో ఒకసారీ జులైలో ఒకసారీ కొత్త డిజైన్లు ప్రదర్శించాలి. ఎన్ని డిజైన్లు చూపించాలన్న లెక్క మాత్రం కాలంతో పాటు తగ్గుతూ వచ్చింది.

విదేశీ సంస్థలను అతిథులుగా పిలిచే పద్ధతి కూడా ఉంది. ఆ దారిలోనే 2020 జనవరిలో రాహుల్ మిశ్రా పారిస్ ఓత్ కూత్యూర్ వారంలో తన డిజైన్లు చూపించాడు. ఆ అధికారిక క్యాలెండర్‌లో చోటు దక్కిన మొదటి భారతీయ డిజైనర్ ఆయనే.

ఉత్త కూత్యూర్ అన్న మాటకి ఈ రక్షణ లేదు. మన ఊళ్ళలో పెళ్ళి బట్టల షాపుల మీద కనిపించే కుటూర్ బోర్డు ఏ అర్హతనూ చెప్పదు. ఆ పేరు చూసి ధర ఒప్పుకోకండి, గౌను తిరగేసి లోపలి వైపు చూడండి. ఏం చూడాలో కింద చెబుతాను.

దర్జీలు ఎప్పటి నుంచో ఉన్నారుగా, మరి ఇది ఎప్పుడు, ఎవరితో మొదలైంది?

చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్ అనే ఇంగ్లీషువాడితో. 1858లో పారిస్‌లో, రూ ద లా పే వీధి 7వ నంబరులో షాపు తెరిచాడు. అంతకు ముందు పద్ధతి మనకు బాగా తెలిసిందే: ఆడవాళ్ళు గుడ్డ కొనుక్కుని దర్జీ దగ్గరికి వెళ్ళి, ఇలా కుట్టు, మెడ ఇంత దించు అని చెప్పేవారు. వర్త్ దీన్ని తిరగేశాడు. డిజైనూ తనదే, గుడ్డ ఎంపికా తనదే. ముందే కుట్టి ఉంచిన నమూనాలను బతికున్న మనుషుల మీద వేసి చూపించేవాడు. వచ్చినామె వాటిలో ఒకటి ఎంచుకుంటే దాన్ని ఆమె కొలతలకు మళ్ళీ మొదటి నుంచి కుట్టేవారు. చిత్రకారుడు బొమ్మ మీద సంతకం పెట్టినట్టు బట్టలో తన పేరు లేబుల్ కుట్టించాడు. ఫ్రాన్సు చక్రవర్తి మూడో నెపోలియన్ భార్య, మహారాణి యూజెనీ అతని దగ్గరే కుట్టించుకునేది. ఇప్పటి ఫ్రెంచి ఫ్యాషన్ సమాఖ్యకు మూలమైన సంఘం 1868లో ఏర్పడింది.

మా టైలరు కూడా కొలతలు తీసుకునే కుడతాడు. అది ఓత్ కూత్యూర్ ఎందుకు కాదు?

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే, ఎందుకంటే మన ఆడవాళ్ళలో ఎక్కువమంది ఒంటికి కొలిచి కుట్టిన జాకెట్టే తొడుగుతారు. ఆ అలవాటు యూరప్‌లో మామూలు ఇళ్ళలో ఎప్పుడో పోయింది.

కానీ మన దగ్గర కొలత అంటే సాధారణంగా ఆది జాకెట్టు. బాగా కుదిరిన పాత జాకెట్టు ఇస్తే టైలరు దాన్ని కొత్త గుడ్డ మీద పరిచి, మెడ మాత్రం మార్చి కత్తిరిస్తాడు. లేదంటే టేపుతో ఏడెనిమిది కొలతలు తీసుకుంటాడు. అక్కడి నుంచి నేరుగా అసలు గుడ్డ కత్తిరించడమే. తప్పు జరిగితే కుట్టాక తెలుస్తుంది. అప్పుడు పక్క కుట్లు వదులు చేయడమో బిగించడమో తప్ప మరో దారి ఉండదు.

ఓత్ కూత్యూర్‌లో అసలు గుడ్డ కత్తిరించే ముందే గౌను ఒకసారి పూర్తిగా కోరా గుడ్డలో తయారవుతుంది. దాన్ని త్వాల్ అంటారు. ఆ త్వాల్, దాని మీద జరిగే ట్రయల్స్ ఉన్నాయే, అవే తేడా.

ఈ రెంటికీ మధ్యలో దెమీ మెజ్యూర్ ఉంది, అంటే సగం కొలత. ముందే ఉన్న ప్యాటర్న్‌ని, అంటే కత్తిరింపు నమూనాని, మీ కొలతలకు సర్ది కుడతారు. మన నగరాల్లో డిజైనర్ గౌన్లుగా అమ్మేవాటిలో చాలా వరకు ఈ కోవలోవే.

ఒక గౌను మొదటి నుంచి చివరిదాకా ఎలా తయారవుతుంది?

పారిస్ కుట్టు గదులు రెండు రకాలు. కోట్లు, సూట్లు కుట్టేది తాయ్యర్. జారుడు గుడ్డలు, గౌన్లు కుట్టేది ఫ్లూ. ప్రతి గదికీ ఒక పెద్ద ఉంటుంది, ఆమెను ప్రెమియేర్ అంటారు. కుట్టేవాళ్ళను పెతీత్ మాఁ అంటారు, చిన్న చేతులు అని అర్థం. మనం ఫ్లూ గదిలోకి వెళదాం.

గౌను ఎంచుకున్న ఆమెకు ముందు కొలతలు తీస్తారు. ఛాతీ, నడుము, పిరుదులతో ఆగరు. మెడ వెనక ఎముక నుంచి నడుము దాకా ఎంత, భుజం మీద నుంచి ఛాతీ మొన దాకా ఎంత, రెండు మొనల మధ్య దూరమెంత, ఎడమ భుజం వాలు ఎంత, కుడి భుజం వాలు ఎంత అని చూస్తారు. కుడి ఎడమలు వేరువేరుగా కొలుస్తారు, ఎందుకంటే ఎవరి ఒళ్ళూ రెండు వైపులా ఒకేలా ఉండదు. తర్వాత ఒక కుట్టుబొమ్మ తీసుకుని, ఆమె ఒంటి ఆకారం వచ్చేదాకా దూది పొరలు చుట్టి పైన గుడ్డ బిగిస్తారు. ఆమె పారిస్‌లో లేనప్పుడు ఆమె బదులు ఆ బొమ్మే నిలబడుతుంది.

కోరా గుడ్డను ఆ బొమ్మ మీద వేసి గుండుసూదులతో అమర్చుతారు. దాని మీద పడుగు ఎటు, పేక ఎటు అని పెన్సిల్‌తో నిలువూ అడ్డం గీతలు గీసి ఉంటాయి. నాకు ఎంతో ఇష్టమైన పని ఇది. ఒంటి మీద వేసినప్పుడు ఛాతీ దగ్గరా పిరుదుల దగ్గరా అడ్డగీత నేలకు సమాంతరంగా ఉందా, నిలువుగీత తిన్నగా దిగుతోందా అన్నది చూస్తే చాలు, తప్పు ఎక్కడుందో గుడ్డే చెబుతుంది. గీత ఒక పక్క కిందికి వంగితే ఆ వైపు భుజం దిగి ఉందని అర్థం. వీపు దగ్గర పైకి లేస్తే అక్కడ గుడ్డ పొట్టిగా పడిందని అర్థం.

మొదటి ట్రయల్ ఈ త్వాల్‌తోనే. ప్రెమియేర్ చుట్టూ తిరిగి, మోకాళ్ళ మీద కూర్చుని, గుండుసూదులతో పట్టి సరిచేస్తుంది. ఆ తర్వాత కుట్లన్నీ విప్పి, ముక్కలన్నీ ఇస్త్రీ చేసి, కొత్త గీతలు గీసి, వాటిని చూసి అసలు గుడ్డ కత్తిరిస్తారు. ప్రతి ముక్క మీద కుట్టు ఎక్కడ పడాలో అక్కడ రంగుదారంతో కచ్చా కుట్టు వేస్తారు. ఆ గీత గుడ్డకు రెండు వైపులా కనపడుతుంది.

రెండో ట్రయల్ అసలు గుడ్డలో, అంతా కచ్చా కుట్ల మీదే నడుస్తుంది. మళ్ళీ సరిచేయడం, మళ్ళీ విప్పడం, మళ్ళీ పరిచి ఇస్త్రీ చేయడం. కుట్టినదాన్ని విప్పడం ఇక్కడ తప్పు జరిగినందుకు కాదు, పనిలో భాగం. మూడో ట్రయల్ నాటికి గౌను దాదాపు గౌనులా ఉంటుంది.

చివరిది కింది అంచు. క్రాస్‌లో, అంటే పడుగుకీ పేకకీ ఏటవాలుగా కత్తిరించిన గుడ్డ తన బరువుకే సాగుతుంది, అన్ని చోట్లా ఒకేలా సాగదు కూడా. అందుకని గౌనుని కనీసం ఒక రోజంతా వేలాడదీస్తారు. సాగాల్సింది సాగాక, ఆమెను ఏ చెప్పులతో వేసుకుంటుందో ఆ చెప్పులతోనే నిలబెట్టి, నేల నుంచి కర్రస్కేలు పెట్టి చుట్టూ గుర్తులు పెడతారు. అప్పుడు కత్తిరించి చేత్తో హెమ్మింగ్ చేస్తారు.

పెద్దగా పనితనం లేని గౌనుకే ఇది నూట యాభై గంటల దాకా పడుతుంది. ఎంబ్రాయిడరీ ఉంటే వెయ్యి గంటలు దాటడం మామూలే.

షాపులో వేలాడేది ఎలా తయారవుతుంది?

అది ఎవరి ఒంటి మీదా మొదలవదు. కంపెనీ ఒక మూల సైజు పెట్టుకుంటుంది, ఫ్రెంచి లెక్కలో సాధారణంగా 36 లేదా 38. ఆ సైజు మోడల్ మీద గౌను సరిగ్గా కుదిరేలా చేసి ప్యాటర్న్ ఖాయం చేస్తారు. తర్వాత ఆ ప్యాటర్న్‌ని ఒక లెక్క ప్రకారం పెంచుతూ, తగ్గిస్తూ మిగిలిన సైజులు తీస్తారు. దీన్ని గ్రేడింగ్ అంటారు. ఒక సైజు నుంచి తర్వాతి సైజుకు ఛాతీ, నడుము, పిరుదులు మూడూ సుమారు నాలుగేసి సెంటీమీటర్లు పెరుగుతాయి.

పొడవాటి బల్ల మీద గుడ్డను పొరలు పొరలుగా పరిచి, అన్ని సైజుల ముక్కలూ ఇరికించి గీసిన కాగితం పైన వేసి, అన్ని పొరలూ ఒకేసారి కోస్తారు. ఆ ముక్కలు లైన్‌లోకి వెళతాయి. ఒకరు భుజం కుడితే ఇంకొకరు జిప్ కుడతారు, మరొకరు అంచు దారాలు ఊడకుండా మిషన్ మీద ఓవర్‌లాక్ వేస్తారు. ఎవరి చేతిలోనూ మొత్తం గౌను ఉండదు.

అయితే ఈ రెండిటి మధ్య అసలు తేడా ఎక్కడుంది?

చేత్తో కుట్టడం, మిషన్ మీద కుట్టడం అని చాలామంది అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. ఓత్ కూత్యూర్‌లో కూడా పొడవాటి కుట్లు మిషన్ మీద వేస్తారు.

నా దృష్టిలో తేడా ఇది: ఫ్యాక్టరీలో గుడ్డ కోసిన అంచును చూసి కుడతారు, కూత్యూర్‌లో కుట్టుగీతను చూసి కుడతారు. ఫ్యాక్టరీలో రెండు ముక్కల అంచులు కలిపి పట్టుకుని, మిషన్ మీద ఉన్న గైడ్‌కి ఆనించి, అంచు నుంచి ఒక సెంటీమీటరు లోపల కుట్టుకుంటూ పోతారు. కుట్టు ఎక్కడ పడాలో కోత అంచే నిర్ణయిస్తుంది. కాబట్టి కుట్టు పక్కన మిగిలేది ఆ ఒక్క సెంటీమీటరే. దాని అంచును కూడా ఓవర్‌లాక్ మిషన్ కొంచెం కోసేస్తుంది.

కూత్యూర్‌లో కోత అంచుకు ఏ విలువా లేదు. అది వంకరగా ఉన్నా ఫర్వాలేదు. రంగుదారంతో వేసిన గీతే లెక్క. ఆ గీతకు అవతల రెండు మూడు సెంటీమీటర్లో, ఇంకా ఎక్కువో గుడ్డ వదులుతారు. అందుకే ట్రయల్‌లో కుట్టుని అటూ ఇటూ జరపగలుగుతారు. పదేళ్ళ తర్వాత ఆమె ఒళ్ళు చేసినా అదే గౌను వదులు చేయగలుగుతారు. మన టైలర్లు జాకెట్టు పక్కల్లో గుడ్డ వదిలి రెండు మూడు వరసల కుట్టు వేస్తారు కదా, అందులో ఉన్నది ఈ ఆలోచనే. కాకపోతే మన దగ్గర పక్కల్లో మాత్రమే వదులుతారు, అక్కడ ప్రతి కుట్టు దగ్గరా వదులుతారు.

అందుకే గౌను తిరగేసి చూడమన్నాను. పక్క కుట్టు దగ్గర ఎంత గుడ్డ మిగిలిందో వేలితో కొలవండి. భుజం దగ్గరా, నడుము దగ్గరా, కింద మడతలోనూ చూడండి. బయట ఎంత మెరిసినా లోపల ఒక్క సెంటీమీటరు ఓవర్‌లాక్ కనిపిస్తే అది రెడీమేడ్ పద్ధతిలో చేసినదే.

ఫ్రెంచి లెక్కలో నా సైజు 40 అని తెలుసు. అయినా గౌను ఎందుకు కుదరదు?

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకామె ఛాతీ 92 సెంటీమీటర్లు, నడుము 70, పిరుదులు 102. ఒక కంపెనీ పట్టికలో 40 సైజుకు వరసగా 92, 72, 98 అని ఉంది. 42కి 96, 76, 102. కంపెనీని బట్టి ఈ అంకెలు కొంచెం మారతాయి. ఈమెకు ఛాతీ 40, నడుము 40కి కూడా తక్కువ, పిరుదులు 42. అతుక్కుని ఉండే గౌను అయితే 42 కొని పైభాగం బిగించుకోవాలి. చుట్టుకొలత విషయంలో ఇది కుదిరే పనే.

కుదరనిది ఇంకొకటి ఉంది. ఈమెకు మెడ వెనక ఎముక నుంచి నడుము దాకా 38 సెంటీమీటర్లే. గౌను 41 సెంటీమీటర్ల వీపుకి కోసినది. అంటే గౌను నడుము ఆమె నడుముకి మూడు సెంటీమీటర్లు కింద, పిరుదులు మొదలయ్యే చోట పడుతుంది. అక్కడ వెడల్పు చాలక గౌను పైకి ఎక్కుతుంది. ఎక్కిన గుడ్డంతా వీపు కింది భాగంలో అడ్డంగా మడత పడుతుంది. ట్రయల్ రూమ్ అద్దంలో అది వెనక ఉంటుంది కాబట్టి చాలామందికి కనపడదు, ఫొటోల్లో కనపడుతుంది. ఆ మడత చూసి గౌను వదులైందనుకుని పక్కలు బిగిస్తే మడత ఇంకా పెరుగుతుంది. అసలు జబ్బు పొడవులో ఉంది. సరిచేయాలంటే నడుము కుట్టు విప్పి, జిప్ తీసి, డాట్లు మార్చి, పైభాగాన్ని పొట్టి చేయాలి. అది ఆల్టరేషన్ కాదు, మళ్ళీ కుట్టడమే.

కూత్యూర్‌లో ఈ మూడు సెంటీమీటర్లు త్వాల్ మీదే, అసలు గుడ్డ విప్పకముందే తేలిపోతాయి.

భుజాలు లేని గౌను ఎందుకు జారుతుంది? పారిస్ గౌన్లు ఎందుకు జారవు?

భుజాలు లేని గౌను ఛాతీ పట్టి నిలబడుతుందని అనుకుంటాం. నిజానికి మంచి గౌను నడుము పట్టి నిలబడుతుంది. లోపల వేరే ఒక బిగుతు బాడీ ఉంటుంది, పలచని నెట్ గుడ్డతో, నిలువు ఊచలతో. దానికి నడుము దగ్గర గట్టి రిబ్బను కుట్టి ఉంటుంది, ముందు ఆ రిబ్బను హుక్కులు పెట్టుకుని తర్వాత పైన జిప్ వేసుకోవాలి. గౌను బరువంతా ఆ రిబ్బను మీద, అంటే పిరుదుల పైన ఆగుతుంది. పై అంచు ఛాతీని నొక్కాల్సిన పనే ఉండదు.

షాపు గౌనులో ఈ రిబ్బను చాలాసార్లు ఉండదు. ప్లాస్టిక్ ఊచలు లైనింగ్‌కే కుట్టేసి, పై అంచు లోపల అంటుకునే సిలికాన్ టేపు వేస్తారు. చెమట పట్టగానే టేపు పట్టు వదులుతుంది, ఊచలు గౌనుతో పాటే కిందికి జారతాయి. ఇక రాత్రంతా రెండు చేతులతో పైకి లాక్కోవడమే. ఎంత టెన్షనో వేసుకున్నవాళ్ళకి తెలుసు.

మంచి వార్త ఏమిటంటే, ఈ రిబ్బను తర్వాత కూడా వేయించుకోవచ్చు. రెండు సెంటీమీటర్ల వెడల్పున్న, సాగని గట్టి రిబ్బను తీసుకుని, నడుము చుట్టుకొలతకు సరిగ్గా కోసి, లోపల పక్క కుట్లకూ డాట్లకూ చేత్తో అక్కడక్కడా పట్టించి, వెనక హుక్కులు పెట్టాలి. జిప్‌కి రెండు పక్కలా నాలుగైదు సెంటీమీటర్ల మేర కుట్టకుండా వదిలేయాలి, లేకపోతే జిప్ పెట్టేటప్పుడు అడ్డం పడుతుంది.

ఎంబ్రాయిడరీ చూసి తేడా చెప్పగలమా?

చెప్పగలం, కుట్టు దగ్గర చూడాలి. పారిస్ కూత్యూర్‌లో పూసల పనికి లూనెవీల్ కొక్కెం వాడతారు. ఫ్రేముకి గుడ్డ బిగించి, చిన్న కొక్కెం సూదితో గొలుసుకుట్టు వేస్తూ పూసలు ఎక్కిస్తారు. మన మగ్గం వర్క్ చేసే ఆరీ సూదికి ఇది దగ్గరి బంధువు. 1924లో మొదలైన లెసాజ్ ఈ పనికి పేరున్న సంస్థ.

పని జరిగే తీరు మగ్గం వర్క్ చేయించుకున్నవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. ముందు గుడ్డ మీద ముక్కల ఆకారం గీస్తారు, ఆ గీత లోపలే పూసలు కుడతారు, తర్వాత కత్తిరించి కుడతారు. కూత్యూర్‌లో ఇంకో అడుగు ఉంది. కుట్టుగీత దాకా రాకుండా పూసలు కొంచెం ముందే ఆపేస్తారు. కుట్టు పడ్డాక, మిగిలిన ఖాళీని డిజైన్ కలిసేలా చేత్తో పూసలు కుట్టి నింపుతారు. అందుకే పువ్వు ఒక ముక్క మీద మొదలై పక్క ముక్క మీద పూర్తవుతుంది, మధ్యలో కుట్టు ఎక్కడుందో వెతికినా దొరకదు.

రెడీమేడ్‌లో పూసలు కుట్టిన గుడ్డను తానుగా కొని కోస్తారు. కోత పడిన చోట దారం తెగుతుంది. గొలుసుకుట్టు కాబట్టి ఒక చోట తెగితే వరస మొత్తం ఊడుతూ వస్తుంది. కుట్టు దగ్గర పువ్వు సగానికి తెగి ఉందా, లోపల పూసలు గుచ్చుకుంటున్నాయా చూడండి. మన దగ్గర కూడా కొలత తప్పు గీసి మగ్గం చేయిస్తే, బుటా సగం చంకలోని కుట్టు కిందికి వెళ్ళిపోతుంది. ఆ నష్టాన్ని ఎవరూ సరిచేయలేరు.

ధర అంత ఎందుకు?

గంటలకు కూలి. ఒక గౌనుకి పెట్టిన ప్యాటర్న్, త్వాల్, ట్రయల్స్ ఇంకో గౌనుకి పనికిరావు. పారిస్ జీతాల మీద వందల గంటలు లెక్కిస్తే పదుల వేల యూరోలు అవుతుంది. ఎంబ్రాయిడరీ ఉంటే ఇంకా పైకి పోతుంది.

అంటే ప్రెతాపోర్తే నాసిరకమా?

కాదు. దీని గురించి గట్టిగా చెప్పాలనుంది. పారిస్‌కు రెడీమేడ్ కొత్త కాదు, లా బెల్ జార్దినియేర్ అనే షాపు 1824 నుంచే కుట్టిన బట్టలు అమ్మింది. మార్పు తెచ్చింది కూత్యూర్ డిజైనర్ ఈవ్ సాఁ లోరాఁ. 1966 సెప్టెంబరులో సేన్ నదికి ఎడమ ఒడ్డున, రూ ద తూర్నోన్‌లో రీవ్ గోష్ అనే షాపు తెరిచాడు. ఆ పేరుకు అర్థం కూడా ఎడమ ఒడ్డు అనే. అప్పటిదాకా పెద్ద కూత్యూర్ సంస్థల రెడీమేడ్ అంటే కూత్యూర్ డిజైన్‌కి పలచబడ్డ నకలు. అతను రెడీమేడ్ కోసమే విడిగా డిజైన్ చేశాడు.

సైజు పట్టిక మీద నిలబడేలా డిజైన్ చేయడం వేరే నైపుణ్యం. నడుము దగ్గర పట్టి బిగించుకునే వీలు, మీదికి మడిచే గౌను, సాగే అల్లిక గుడ్డ, భుజం నుంచి వదులుగా జారే కత్తిరింపు, ఇవన్నీ ఒకే ముక్క నలుగురి ఒంటికి కుదరడానికి పుట్టిన ఆలోచనలు. రెడీమేడ్ కొనేటప్పుడు ఇలాంటివి ఎంచుకుంటే ఆల్టరేషన్ అవసరమే రాదు. కూత్యూర్ గౌనుని అనుకరించి, అతుక్కుపోయేలా కుట్టిన రెడీమేడ్‌తోనే తలనొప్పి అంతా.

రిసెప్షన్‌కి షాపు గౌను కొంటున్నాను. ఏది సరిచేయించగలను, ఏది కాదు?

మా చెల్లి రిసెప్షన్‌కి ఒక గౌను కొన్నాం. ఒంటికి చక్కగా ఉంది, హీల్స్ వేసుకుంటే పొడవు మూడు సెంటీమీటర్లు తగ్గింది. కింద మడత విప్పితే సరిపోతుందని షాపులో చెప్పారు, మేమూ నమ్మాం. ఇంటికొచ్చి తిరగేస్తే మడతే లేదు. అంచుకి సన్నగా చుట్టి కుట్టేశారు, వదిలిన గుడ్డ అర సెంటీమీటరు కూడా లేదు. చివరికి కింద లేస్ వేయించాం. అది అతుకులాగే కనిపించింది, ఆల్బమ్‌లో ఇప్పటికీ కనిపిస్తుంది. కొనకముందు తిరగేసి చూడాల్సింది.

కాబట్టి వేసుకోబోయే చెప్పులు వెంట తీసుకెళ్ళండి. భుజాలూ, మెడ నుంచి నడుము దాకా పొడవూ సరిగ్గా కుదిరిన గౌనే కొనండి, ఆ రెండూ తర్వాత మారవు. అందులో పిరుదుల దగ్గరా, పక్కలా వదులున్నా పర్వాలేదు, బిగించవచ్చు. బిగుతుగా ఉన్నది మాత్రం లోపల గుడ్డ ఉంటేనే వదులవుతుంది. పొడవు ఎక్కువైతే కత్తిరించవచ్చు కానీ కింది అంచుకి పూసల బోర్డరు ఉంటే కింద కత్తిరించడానికి లేదు, నడుము దగ్గర విప్పి పైకి లేపాలి. క్రాస్ కటింగ్ గౌను అయితే కొన్న రోజే టైలరుకి ఇవ్వకండి. రెండు రోజులు హ్యాంగర్‌కి వేలాడదీసి, తర్వాత వేసుకుని నిలబడి, నేల నుంచి చుట్టూ ఆరు చోట్ల స్కేలుతో కొలిపించుకోండి. ఆ ఆరు అంకెలూ కాగితం మీద రాసి గౌనుతో పాటు ఇవ్వండి.